తాళం తిరిగినా కదలని బండి

రోడ్డు పక్కన చేయించిన డూప్లికేట్ తాళంచెవితో కారు డోరు తెరుచుకుంటుంది. స్టీరింగ్ లాకు వదులుతుంది. తిప్పితే సెల్ఫ్ కొడుతుంది, ఇంజన్ అందుకుంటుంది కూడా. హమ్మయ్య అనుకునేలోపు, ఒకటి రెండు సెకన్లలో, టక్కున ఆగిపోతుంది. మళ్లీ తిప్పితే మళ్లీ అంతే. మీటర్ బోర్డు మీద తాళంచెవి బొమ్మ ఉన్న చిన్న లైటు అదేపనిగా మినుకుమంటూ ఉంటుంది. చాలామంది దానివైపు చూడరు. పెట్రోలు పంపు పోయిందనో, ప్లగ్గులు పోయాయనో అనుకుని మెకానిక్కును పిలుస్తారు. నిజానికి బండికి ఏ జబ్బూ లేదు. తనలోకి దూర్చింది తన తాళంచెవి కాదని అది గుర్తుపట్టింది.

ఇలాంటి కార్లలో ఉండేది ఒక తాళం కాదు, రెండు. మొదటిది ఇనుముది. తాళంచెవి పళ్లు సరిపోతే తిరుగుతుంది, లేకపోతే తిరగదు. రెండోది కంటికి కనపడదు. తాళంచెవి ప్లాస్టిక్ తలలో దాగిన చిన్న చిప్పుకీ, బండిలోని కంప్యూటరుకీ మధ్య జరిగే ప్రశ్నాజవాబే ఆ రెండో తాళం. ఆ చిప్పును ట్రాన్స్‌పాండర్ అనీ, బండిలో ప్రశ్న అడిగే ఏర్పాటును ఇమ్మొబిలైజర్ అనీ అంటారు. బజారులో మాత్రం అందరూ చెప్పే మాట చిప్ కీ. డూప్లికేట్ చేసిన మనిషి మొదటి తాళానికి పళ్లు కోశాడు. రెండో తాళం సంగతి అతను పట్టించుకోలేదు, లేదా అతని దగ్గర దానికి కావలసిన సరంజామా లేదు.

విజయవాడ ఆటోనగర్‌లో చిప్ కీలు చేసే ఒకాయన నా ముందే ఒక పాత తాళంచెవి తల విప్పి చూపించాడు. సన్నటి కత్తి మొనతో అతుకు దగ్గర తడితే ప్లాస్టిక్ రెండు పలకలుగా విడింది. ఒక పలకలో రిమోట్ బోర్డు, దాని మీద బిళ్ల బ్యాటరీ. ఆ బోర్డుకు సంబంధం లేకుండా, ఒక మూలన చేసిన గుంటలో నల్లటి ముక్క ఒకటి ఉంది. పొడవు సెంటీమీటరుకు కాస్త ఎక్కువ, వెడల్పు అందులో సగం, ఒక చివర కొంచెం కోసుగా ఉంటుంది. ఆయన దాన్ని గోటితో లేపి నా అరచేతిలో వేశాడు. బరువే తెలియలేదు. దానికి తీగల్లేవు, బ్యాటరీ లేదు, బయటికి వచ్చే కాళ్లు కూడా లేవు. "ఇది లేకపోతే బండి లేదండీ. రిమోట్ బ్యాటరీ అయిపోయినా, బోర్డు నీళ్లలో పడి చచ్చిపోయినా ఇది బతికే ఉంటుంది" అన్నాడు.

ఆయన మాట అక్షరాలా నిజం. డోర్లు తీసే రిమోట్ వేరు, ఇంజన్‌కు అనుమతి తెచ్చే చిప్పు వేరు. రెండూ ఒకే ప్లాస్టిక్‌లో ఇరుక్కుని ఉండటం వల్ల ఒకటే అనుకుంటాం. రిమోట్ పనిచేయకపోతే బండి స్టార్ట్ కాదేమోనని కంగారు పడేవాళ్లు తాళంచెవితో డోరు తీసి ఎప్పటిలాగే స్టార్ట్ చేసుకోవచ్చు.

మరి బ్యాటరీ లేని ముక్కకు కరెంటు ఎక్కడిది? బండే ఇస్తుంది. తాళం దూర్చే గొట్టం చుట్టూ, ప్లాస్టిక్ కవరు కింద, రాగి తీగ చుట్టిన ఉంగరం లాంటి యాంటెన్నా ఉంటుంది. తాళం తిప్పగానే బండి ఆ తీగలోకి సెకనుకు 1,25,000 సార్లు అటూ ఇటూ మారే కరెంటును పంపుతుంది. దానివల్ల ఆ గొట్టం చుట్టూ అంతే వేగంతో మారే అయస్కాంత క్షేత్రం పుడుతుంది. నల్లటి ముక్క లోపల కూడా వెంట్రుకంత సన్నని తీగ చుట్ట ఉంటుంది. మారే అయస్కాంత క్షేత్రంలో తీగ చుట్ట ఉంటే అందులో కరెంటు పుడుతుందని పదో తరగతి సైన్సులో చదువుకున్నదే. పుట్టేది చాలా కొద్దిపాటి కరెంటు, కానీ చిప్పుకు అది చాలు. క్షేత్రం కొన్ని సెంటీమీటర్లు దాటితే బలం తగ్గిపోతుంది కాబట్టి తాళంచెవి జేబులో ఉంటే చిప్పు మేలుకోదు. గొట్టంలో దూర్చితేనే మేలుకుంటుంది.

చిప్పు తిరిగి మాట్లాడే పద్ధతి నాకు మరీ ముచ్చటగా అనిపిస్తుంది. దానికి సొంతంగా రేడియో తరంగం పంపే శక్తి లేదు. అందుకని అది తనకు అందుతున్న కరెంటునే ఒక క్షణం కాస్త ఎక్కువ లాగుతుంది, మరో క్షణం తక్కువ లాగుతుంది. పక్కింట్లో మోటారు వేస్తే మన ఇంట్లో బల్బు కాస్త మసకబారినట్టు, చిప్పు ఎక్కువ లాగినప్పుడల్లా బండి యాంటెన్నాలో వోల్టేజి రవ్వంత తగ్గుతుంది. ఆ తగ్గడం పెరగడమే చిప్పు చెప్పే సున్నాలు, ఒకట్లు. ఒక్కో బిట్ చెప్పడానికి ఆ క్షేత్రం 32 సార్లు అటూ ఇటూ మారేంత సమయం పడుతుంది. ఆ లెక్కన సెకనుకు దాదాపు 3,900 బిట్లు. ఫోన్లకు అలవాటైన మనకు ఇది నత్తనడకే అయినా, ఇక్కడ చెప్పుకోవలసినది వందకు కాస్త ఎక్కువ బిట్లే కాబట్టి మొత్తం వ్యవహారం సెకనులో పదో వంతు గడవకముందే ముగుస్తుంది.

ఇక ఏం చెప్పుకుంటాయన్నది అసలు విషయం. తొలి తరం చిప్పులు తమ నంబరు చెప్పి ఊరుకునేవి. బండి దగ్గర ఆ నంబరు రాసి ఉంటే సరే, లేకపోతే లేదు. అంతకంటే ముందు 1986లో జనరల్ మోటార్స్ తన కార్వెట్ కారుకు ఇచ్చిన తాళంచెవిలో చిప్పు కూడా లేదు. ఒక చిన్న రెసిస్టర్ బిళ్ల ఉండేది. దాని విలువలు 15 రకాలే. ఓపిక ఉన్న దొంగ 15 బిళ్లలు చేతబట్టుకుని వస్తే ఏదో ఒకటి సరిపోతుంది. అందుకే తప్పు బిళ్ల పెడితే కొన్ని నిమిషాలు మళ్లీ ప్రయత్నించనివ్వకుండా ఆపేవారు. నంబరు చెప్పే చిప్పుతో ఈ 15 అనే పరిమితి పోయింది కానీ మరో ఇబ్బంది మిగిలింది. ఎప్పుడు అడిగినా అది అదే నంబరు చెబుతుంది. తాళంచెవి ఒక్క నిమిషం చేతికి చిక్కితే చాలు, ఒక రీడరుతో ఆ నంబరు చదివి ఖాళీ చిప్పులో రాసుకోవచ్చు. ఇప్పటికీ ఆ తరం బండ్లకు తాళాల షాపువాళ్లు చేసేది అదే.

దీనికి విరుగుడుగా వచ్చిందే ప్రశ్నాజవాబు పద్ధతి. ఇందులో చిప్పు దగ్గరా, బండి దగ్గరా ఒకే రహస్య సంఖ్య ఉంటుంది. ఆ సంఖ్యను ఎవరూ ఎప్పుడూ బయటికి చెప్పరు. బండి ప్రతిసారీ ఏదో ఒక కొత్త సంఖ్య అడుగుతుంది. చిప్పు ఆ సంఖ్యను తన రహస్యంతో కలిపి లెక్క చేసి జవాబు ఇస్తుంది. బండి తనూ అదే లెక్క చేసి రెండూ సరిచూసుకుంటుంది.

చిన్న సంఖ్యలతో ఒకసారి చేసి చూద్దాం. రహస్యం 4729 అనుకోండి. నియమం ఏమిటంటే, ప్రశ్నను రహస్యంతో గుణించి, వచ్చిన ఎనిమిది అంకెల్లో మధ్యలోని నాలుగు చెప్పాలి. బండి 3186 అని అడిగింది. 4729ని 3186తో గుణిస్తే 15066594. మధ్య నాలుగు అంకెలు 0665. చిప్పు అదే చెప్పింది, బండి ఒప్పుకుంది. పక్కనే పొంచి ఉన్నవాడు 3186, 0665 రెండూ విన్నాడు. మర్నాడు అతను నకిలీ చిప్పు పట్టుకొచ్చి 0665 అని చెప్పడానికి సిద్ధంగా ఉన్నాడు. కానీ బండి ఈసారి 5240 అని అడిగింది. సరైన జవాబు 7799. నిన్న విన్నది ఇవాళ అక్కరకు రాలేదు. రహస్యం తెలిసినవాడికే జవాబు తెలుస్తుంది, జవాబు విన్నవాడికి రహస్యం తెలియదు.

నా ఉదాహరణలోని నియమం పిల్లల లెక్క. నాలుగైదు జవాబులు విని కంప్యూటరుతో పదివేల సంఖ్యలూ వేసి చూస్తే 4729 దొరికిపోతుంది. అసలు చిప్పుల్లో లెక్క ఎలా ఉంటుందో చూడాలంటే హైట్యాగ్-2 అనే రకాన్ని తీసుకోవాలి. ఫిలిప్స్ కంపెనీ చిప్పుల విభాగం తెచ్చిన రకం ఇది. ఆ విభాగమే తర్వాత ఎన్‌ఎక్స్‌పీ అయింది. తాళాల షాపుల్లో దీన్ని "ఫార్టీసిక్స్ చిప్" అంటారు. ప్రపంచమంతటా లక్షల కార్లలో తిరిగింది. ఆటోనగర్‌లో నా అరచేతిలో పడ్డదీ ఇదే రకం.

దీనిలో రహస్యం 48 బిట్లు. అంటే దాదాపు 281 లక్షల కోట్ల సంఖ్యల్లో ఏదో ఒకటి. దానితోపాటు ప్రతి చిప్పుకూ 32 బిట్ల సొంత నంబరు ఉంటుంది. అది రహస్యం కాదు, పేరు లాంటిది. తాళం తిప్పగానే బండి "ఎవరు నువ్వు?" అని అడిగితే చిప్పు ఆ పేరు చెబుతుంది. బండి తన పట్టీలో ఆ పేరుందో లేదో చూసుకుని, ఉంటే ఒక యాదృచ్ఛిక సంఖ్యను తయారు చేస్తుంది. అదీ 32 బిట్లే. ఇప్పుడు పేరు, రహస్యం, ఈ కొత్త సంఖ్య మూడింటినీ కలిపి 48 గడుల వరుసలో నింపుతుంది. ఆ వరుస ఒక్కో అడుగుకు ఒక్కో గడి జరుగుతుంది. జరిగినప్పుడల్లా 20 గడుల్లో ఉన్న బిట్లను ఒక చిక్కు నియమం ప్రకారం కలిపితే ఒక్క బిట్ బయటికి వస్తుంది. అలా రాలిన బిట్ల వరుసే ఆ ఒక్కసారికి పనికొచ్చే సంకేత భాష.

బండి తను తయారు చేసిన సంఖ్యనూ, తనకు రహస్యం తెలుసనే రుజువునూ ఆ భాషలో రాసి చిప్పుకు పంపుతుంది. రెండూ కలిపి 64 బిట్లు. చిప్పు తన దగ్గరున్న రహస్యంతో అవే గడులు నింపి, అదే లెక్క నడిపి, బండి ఇచ్చిన రుజువు సరైనదో కాదో ముందు చూస్తుంది. తప్పయితే నోరు మెదపదు. సరైనదైతే తన రుజువును 32 బిట్లలో అదే భాషలో పంపుతుంది. గమనించండి, ఇక్కడ బండి తాళంచెవిని పరీక్షించడమే కాదు, తాళంచెవి కూడా బండిని పరీక్షిస్తోంది. ఎవరో దారినపోయే రీడరు అడిగితే చెప్పకూడదని ఈ జాగ్రత్త.

జవాబు సరిపోయిందనుకుందాం. ఇంకా అయిపోలేదు. యాంటెన్నాకు అతుక్కున్న ఇమ్మొబిలైజర్ పెట్టె ఒకటి, ఇంజన్‌కు పెట్రోలు ఎంత చల్లాలో, నిప్పురవ్వ ఎప్పుడు పుట్టించాలో నిర్ణయించే ఇంజన్ కంప్యూటర్ మరొకటి. మెకానిక్కులు రెండోదాన్ని ఈసీఎం అంటారు. పాత రోజుల్లో బయటి షాపుల్లో బిగించిన ఇమ్మొబిలైజర్లు సెల్ఫ్ మోటారు తీగనో, పెట్రోలు పంపు తీగనో ఒక రిలేతో తెంచి ఉంచేవి. ఆ రెండు చివరలూ వెతికి పట్టి కలిపితే పని అయిపోయేది. ఇప్పటి బండ్లలో తెగిన తీగ ఎక్కడా ఉండదు. అనుమతి అందేదాకా ఈసీఎం తనంతట తనే ఇంజెక్టర్లకు ఆజ్ఞ ఇవ్వదు. ఆ అనుమతి కూడా "సరే" అనే ఒక్క సిగ్నలు కాదు. ఇమ్మొబిలైజరూ ఈసీఎమ్మూ కూడా తమ మధ్య సంకేతాలు మార్చుకుని ఒకరినొకరు నిర్ధారించుకుంటారు. అందుకే పాడైన ఈసీఎం స్థానంలో పాత సామాన్ల షాపు నుంచి తెచ్చిన మరో బండి ఈసీఎం బిగిస్తే అన్ని తీగలూ సరిపోయినా బండి స్టార్ట్ కాదు. దానికి ఈ ఇమ్మొబిలైజర్ పరిచయం లేదు. దొంగలు దీన్ని తిరగేసి వాడుకుంటారు. ఈసీఎం, ఇమ్మొబిలైజర్, తాళంచెవి మూడూ ఒకే బండివి జతగా తెచ్చి బిగిస్తే ఆ మూడింటికీ ఒకరికొకరు పరిచయమే కదా.

మొదట్లో చెప్పిన ఒకటి రెండు సెకన్ల సంగతి ఇప్పుడు అర్థమవుతుంది. చాలా బండ్లలో తాళం తిప్పగానే ఇంజన్‌ను ఆలస్యం చేయకుండా అందుకోనిస్తూ, ఈలోగా తనిఖీ ముగిస్తారు. అనుమతి రాకపోతే ఈసీఎం ఇంజెక్టర్లను మూసేస్తుంది. కొన్ని బండ్లలో సెల్ఫ్ తిరుగుతుంది కానీ ఇంజన్ అసలు అందుకోదు. మరికొన్నిటిలో సెల్ఫే కొట్టదు. అన్నిటిలోనూ గుర్తు మీటర్ బోర్డు మీదే ఉంటుంది. తాళం ఆన్ చేసిన రెండు మూడు సెకన్లలో ఆ తాళంచెవి బొమ్మ లైటు ఆరిపోతే చిప్పును బండి ఒప్పుకున్నట్టు. అప్పటికీ స్టార్ట్ కాకపోతే జబ్బు మరెక్కడో ఉంది. మినుకుమంటూనే ఉంటే పెట్రోలు పంపు విప్పించే ముందు రెండో తాళంచెవితో ప్రయత్నించాలి. దానితో స్టార్ట్ అయితే మొదటి చిప్పు చెడిపోయింది. రెండింటితోనూ కాకపోతే గొట్టం చుట్టూ ఉన్న యాంటెన్నానో, దాని తీగల సాకెట్టునో చూడాలి. స్టీరింగ్ కింద ఏదో రిపేరు చేసిన మర్నాడు ఇది మొదలైతే ఆ సాకెట్టు సరిగా నొక్కలేదనే అనుమానించవచ్చు.

ఇంకో కారణం చాలామందికి తట్టదు. ఒకే రింగుకు రెండు కార్ల తాళంచెవులు వేసుకుంటే, ఒకటి గొట్టంలో ఉండగా రెండోది దాని పక్కనే వేలాడుతుంది. రెండు చిప్పులూ ఒకే క్షేత్రంలో మేలుకుంటాయి, రెండూ ఒకేసారి పేర్లు చెబుతాయి. బండికి ఏదీ వినపడదు. ఒకరోజు స్టార్ట్ అయి, మరో రోజు కాక, ఏ స్కానరుకూ దొరకని రోగంలా విసిగించే బండ్లలో కొన్నింటికి మందు ఆ రెండో తాళంచెవిని రింగు నుంచి తీసేయడమే.

నేను ఆటోనగర్‌లో ఉన్నప్పుడే ఒక మాస్టారు వచ్చారు. కారుతో వచ్చిన రెండు తాళంచెవుల్లో ఒకటి బస్సులో పోగొట్టుకున్నారట.

"పోయిన దానికి బదులు ఒకటి చేసిపెట్టు బాబూ."

"చేస్తానండీ. ఉన్న తాళంచెవి తెచ్చారా మాస్టారూ?"

"బండి దాంతోనే కదా తెచ్చాను. దాంతో నీకేం పని?"

"అది కూడా కావాలండీ. ముందు బండిలో ఉన్నవన్నీ చెరిపేసి, మీ దగ్గరున్నదీ కొత్తదీ మళ్లీ ఎక్కిస్తాను. ఊరికే కొత్తది కలిపితే ఆ పోయినదానికి కూడా బండి స్టార్ట్ అవుతుంది మరి."

మాస్టారికి విషయం తెలిసి ముఖంలో రంగు మారింది. పోయింది పోయిందని ఊరుకుంటే, అది దొరికినవాడు ఏ రోజైనా బండి పట్టుకెళ్లగలడని ఆయనకు అప్పటిదాకా తట్టలేదు.

ఆ తర్వాత ఆయన చేసిన పని చూశాను. ముందు కొత్త తాళంచెవికి మిషను మీద పళ్లు కోశాడు. అది కొద్ది నిమిషాల పని. తర్వాత స్టీరింగ్ కింద ఉండే సాకెట్టుకు స్కానర్ తగిలించి, ఆ బండికి ఉన్న పిన్ కోడ్ కొట్టాడు. అది లేకపోతే ఇమ్మొబిలైజర్ ఎవరినీ తన పట్టీలో చేర్చుకోదు. పాత పేర్లు చెరిపించి, మొదట ఉన్న తాళంచెవి, ఆ మీదట కొత్తది ఒకదాని తర్వాత ఒకటి గొట్టంలో పెట్టి ఆన్ చేశాడు. కొత్త చిప్పు ఖాళీది. బండి దానిలోకి రహస్యాన్ని రాసి, మళ్లీ ఎవరూ చదవకుండా మూసేసి, దాని పేరును తన పట్టీలో ఎక్కించుకుంది. స్కానర్ తెర మీద తాళంచెవులు రెండు అని పడింది. ఆయన ఆ అంకెను మాస్టారికి వేలితో చూపించాడు. పోయిన తాళంచెవి దొరికినవాడు డోరు తీయగలడు, పళ్లు అవే కనుక. ఇంజన్ మాత్రం స్టార్ట్ చేయలేడు.

రెండు తాళంచెవులూ పోతే వ్యవహారం వేరు. పిన్ కోడ్ కోసం కంపెనీ షోరూంకు ఆర్సీ, గుర్తింపు కార్డు పట్టుకుని వెళ్లాలి. కొన్ని బండ్లలో ఏకంగా ఇమ్మొబిలైజర్ పెట్టెనో ఈసీఎమ్మునో మార్చవలసి వస్తుంది. రెండో తాళంచెవి చేయించుకోవడానికి అయ్యే ఖర్చు దానితో పోలిస్తే చాలా తక్కువ.

ఇంత కట్టుదిట్టం చేసినా దొంగలకు దారి దొరకలేదా అంటే, దొరికింది. హైట్యాగ్-2 లెక్క ఎలా నడుస్తుందో కంపెనీ బయటపెట్టలేదు. లెక్క రహస్యంగా ఉంటే తాళం భద్రంగా ఉంటుందని నమ్మింది. కొందరు చిప్పును విశ్లేషించి ఆ లెక్కను బయటికి లాగారు. 2012లో వెర్డుల్ట్, గార్సియా, బలాష్ అనే ముగ్గురు పరిశోధకులు దాన్ని ఛేదించే పద్ధతిని ప్రచురించి, దానికి "360 సెకన్లలో మాయం" అని అర్థం వచ్చే పేరు పెట్టారు. 20కి పైగా రకాల కార్ల మీద చేసి చూశారు. ఆరు నిమిషాల లోపే 48 బిట్ల రహస్యం చేతికొచ్చింది.

ఎలా వచ్చింది? 281 లక్షల కోట్ల సంఖ్యలు ఒక్కొక్కటిగా వేసి చూసి కాదు. వాళ్లు చూసిన లోపాల్లో ఒకటి చెబితే మిగతా పోకడ తెలుస్తుంది. ఈ చిప్పుకు సొంతంగా కొత్త సంఖ్య పుట్టించే శక్తి లేదు. కొత్త సంఖ్య ఎప్పుడూ బండి నుంచే రావాలి. కాబట్టి బండి పంపిన 64 బిట్లను ఒకసారి విని ఉంచుకుని, తర్వాత తాళంచెవికి వినిపిస్తే, అది ఇప్పుడే బండి అడిగిందని నమ్మి అదే సంకేత భాషలో మళ్లీ మాట్లాడుతుంది. ఎన్నిసార్లు వినిపిస్తే అన్నిసార్లు. అడిగినవన్నీ ఒకే భాషలో చెప్పించుకుంటే ఆ భాష విప్పడం తేలిక. దీనికి తోడు కొన్ని కార్లలో బండి పుట్టించే "యాదృచ్ఛిక" సంఖ్యలు ఊహకందేలా ఉన్నాయని, కొన్నింటిలో రహస్యమే సులువుగా ఊహించగలిగేదని వాళ్లు కనిపెట్టారు. లెక్క ఎంత గట్టిదైనా రహస్యం చవకది పెడితే ఏం లాభం?

ఈ బలహీనత ఇవాళ బహిరంగమే. తాళాల షాపుల్లో ఫార్టీసిక్స్ చిప్పును నకలు తీసే చిన్న మిషన్లు అమ్ముతున్నారు. వాటితో గొట్టం దగ్గర బండి అడిగే ప్రశ్నలు కొన్ని పోగుచేసుకుని, లెక్క వేయించి, రహస్యాన్ని కొత్త చిప్పులో రాస్తారు. తాళంచెవి పాడైన మనిషికి అది మేలే చేస్తుంది. అయితే ఇలా తీసిన నకలు పాత చిప్పు పేరుతోనే పనిచేస్తుంది. స్కానర్ తెర మీద తాళంచెవుల లెక్క పెరగదు, కాబట్టి నకలు ఉందని బండికి తెలియదు.

హైట్యాగ్-2 ఒక్కటే కాదు. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి 40 బిట్ల చిప్పును 2005లో అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయం వాళ్లు, ఆర్‌ఎస్‌ఏ లేబొరేటరీస్ వాళ్లు కలిసి ఛేదించి, దానితో ఒక ఫోర్డ్ కారును స్టార్ట్ చేసి చూపించారు. మెగామోస్ అనే 96 బిట్ల చిప్పు మీద రాసిన పరిశోధన 2013లో వెలువడవలసింది. ఫోక్స్‌వ్యాగన్ లండన్ హైకోర్టుకు వెళ్లి ఆపించింది. చివరికి అది 2015లో వచ్చింది. ఆ రెండేళ్లలో ఆ చిప్పులున్న కార్లు రోడ్ల మీద అలాగే తిరిగాయి. వాటి యజమానులకు తమ తాళం బలహీనమని తెలుసుకునే హక్కు లేదని అనుకోవడం నాకు మింగుడు పడదు. తర్వాతి తరం చిప్పులు 128 బిట్ల ఏఈఎస్‌కు మారాయి. దాని లెక్క మొత్తం 2001 నుంచి అందరి ముందూ అచ్చులో ఉంది, ఎవరైనా చదవచ్చు, తప్పు పట్టవచ్చు. దాచి ఉంచవలసింది రహస్య సంఖ్య ఒక్కటే.

లోపాలున్నాయి కాబట్టి ఇమ్మొబిలైజర్ దండగ అనుకుంటే మాత్రం పొరపాటు. అది లేకపోతే ఏమవుతుందో అమెరికాలో తేలింది. హ్యుందాయ్, కియా కంపెనీలు అక్కడ అమ్మిన చవక రకాల్లో ఏళ్ల తరబడి ఇమ్మొబిలైజర్ పెట్టలేదు. 2015 మోడళ్లలో ఈ రెండు కంపెనీల కార్లలో 26 శాతానికే అది తప్పనిసరి భాగంగా ఉంటే, మిగతా కంపెనీల్లో 96 శాతానికి ఉంది. 2021 ప్రాంతంలో మిల్వాకీ నగరంలో కుర్రాళ్లు ఒక కిటుకు కనిపెట్టి వీడియోలు పెట్టారు. స్టీరింగ్ కింది ప్లాస్టిక్ ఊడబీకి, తాళం గొట్టాన్ని లాగేస్తే మిగిలే మొండి, ఫోన్ ఛార్జింగ్ తీగ కొసన ఉండే యూఎస్‌బీ ప్లగ్గుకు సరిగ్గా సరిపోతుంది. దానితో తిప్పితే ఇంజన్ స్టార్ట్. ఇనుప తాళం ఒక్కటే ఉన్న బండికి ఆ తాళాన్ని పీకేశాక అడ్డు చెప్పేవారు లేరు. అమెరికాలో సెకండ్ హ్యాండ్ ఎలాంట్రా కొనుక్కునే మన విద్యార్థులు ఇమ్మొబిలైజర్ ఉందో లేదో అడిగి మరీ కొనాలి. సరిహద్దు దాటితే కెనడాలో 2007 నుంచి కొత్త కార్లకు ఇమ్మొబిలైజర్ తప్పనిసరి కనుక, అవే కంపెనీల కార్లకు ఈ కిటుకు అక్కడ పారదు. ఐరోపాలో 1998లోనే తప్పనిసరి చేశారు. నెదర్లాండ్స్‌లో ఇద్దరు ఆర్థికవేత్తలు లెక్క తీస్తే, 1995 నుంచి 2008 దాకా కారు దొంగతనాలు సగటున 40 శాతం మేర దీనివల్లే తగ్గాయని తేలింది.

బటన్ నొక్కి స్టార్ట్ చేసే కార్లలో గొట్టమే ఉండదు. బండి డోర్ల దగ్గరా లోపలా ఉన్న యాంటెన్నాల ద్వారా 125 కిలోహెర్ట్జ్‌లోనే పిలుస్తుంది. జేబులోని తాళంచెవి తన సొంత బ్యాటరీతో మేలుకుని, ఎక్కువ దూరం పోయే 433 మెగాహెర్ట్జ్ లాంటి రేడియో తరంగంలో జవాబిస్తుంది. ఇక్కడ దొంగ రహస్యాన్ని ఛేదించనక్కర్లేదు. ఒకడు బండి పక్కన, మరొకడు మన గుమ్మం పక్కన నిలబడి, బండి పిలుపును ఇంట్లో ఉన్న తాళంచెవి దాకా మోసుకెళితే చాలు. తాళంచెవి నిజమైనదే, జవాబు సరైనదే. అది ఎంత దూరంలో ఉందో బండికి తెలియదు, అంతే. 2011లో జ్యూరిక్‌లోని ఈటీహెచ్ పరిశోధకులు 8 కంపెనీల 10 మోడళ్ల మీద దీన్ని ప్రయత్నిస్తే పదీ లొంగిపోయాయి. ఇప్పుడు కొన్ని కొత్త కార్లు జవాబు రావడానికి పట్టిన సమయాన్ని కొలుస్తున్నాయి. రేడియో తరంగం ఒక నానోసెకనులో 30 సెంటీమీటర్లే పోగలదు కాబట్టి, మధ్యలో మోసుకెళ్లేవాడు ఎంత తొందరపడినా ఆ ఆలస్యం దాగదు.

ఈ కార్లలో కూడా మన నల్లటి ముక్క పోలేదు. తాళంచెవి బ్యాటరీ అయిపోయిన రోజు, దాన్ని స్టార్ట్ బటన్‌కు ఆనించి నొక్కితే బండి స్టార్ట్ అవుతుంది. ఏ మూల ఆనించాలో కారుతో ఇచ్చిన పుస్తకంలో బొమ్మతో సహా ఉంటుంది. కొన్ని కార్లలో అది కప్పు పెట్టుకునే చోట, కొన్నింటిలో స్టీరింగ్ పక్కన. ఊరి బయట అర్ధరాత్రి వెతుక్కోకుండా ఆ పేజీ ముందే చూసి ఉంచుకోండి. సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్లు మరో పని చేయాలి. అమ్మేవాళ్లు ఎన్ని తాళంచెవులు ఇచ్చారో లెక్కపెట్టి, స్కానర్ ఉన్న మెకానిక్కుతో బండిలో ఎన్ని నమోదై ఉన్నాయో చూపించుకోవాలి. చేతిలో రెండు ఉండి తెర మీద మూడు పడితే, ఆ మూడోది ఎవరి దగ్గర ఉందో తేలకపోయినా ఫర్వాలేదు, డబ్బు చేతులు మారేలోపే అన్నీ చెరిపించి ఉన్న రెండే ఎక్కించుకోవాలి.